లేపాక్షి గీతలో తాత ముఖం

ముందుగదిలో తాత ఫొటో. ఎప్పుడో పలమనేరు స్టూడియోలో తీయించింది. నలుపు తెలుపు కాస్తా గోధుమరంగులోకి తిరిగింది. ఒక మూల చెమ్మ కూడా తగిలింది. బైరెడ్డిపల్లెలో అయినా, పుంగనూరులో అయినా పాత ఇళ్లల్లో ఇలాంటి పటం ఒకటి ఉండనే ఉంటుంది. దాన్ని అలాగే పెద్దది చేయించడానికి బదులు, లేపాక్షి గుడి పైకప్పు మీద ఉండే బొమ్మల తీరులో గీయిస్తే? మనవళ్లకి ముచ్చటగానే ఉంటుంది. తలకి పొడుగు కుళ్లాయి, నడుముకి పూల అంచు దట్టీ, చేతులు జోడించి నిలబడ్డ తాత!

పటం తయారై ఇంటికొస్తుంది. రంగులు బాగున్నాయి, నగలు బాగున్నాయి. అందరూ మెచ్చుకుంటారు. చివరికి అవ్వ కళ్లజోడు సరిచేసుకుని చూసి ‘‘ఎవురప్పా ఈ సామి?’’ అంటే... అంత ఖర్చూ వృథాయే. గుడి బొమ్మ వచ్చింది కానీ తాత రాలేదు!

దీనికి భయపడి చిత్రకారుడు ఫొటోలో ఉన్న తలని ఉన్నదున్నట్టు దించేస్తే ఇంకో తంటా. జాతరలో అట్టబొమ్మకి కన్నం పెట్టి, అందులోంచి తల బయటపెట్టి ఫొటో తీయించుకుంటారే... అచ్చం అలాగే ఉంటుంది. ఒళ్లు లేపాక్షిది, తల పలమనేరు స్టూడియోది. రెండూ అతకవు.

ఈ రెండింటి మధ్య దారి ఉంది. అయితే ముఖంలో ఏది గుడికి ఇవ్వచ్చో, ఏది ఇవ్వకూడదో ముందే తేల్చుకోవాలి.

ఆ గోడ మీద ఎవరి ముఖం?

మదనపల్లె, కదిరి దాటి హిందూపురం వైపు వెళితే లేపాక్షి. ఇప్పుడది శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. అక్కడి వీరభద్రాలయాన్ని విజయనగర కాలంలో, అచ్యుతదేవరాయలు ఏలిన రోజుల్లో (1529-1542) విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. పైకప్పు మీద భారీ వీరభద్రుడి చిత్రం ఉంటుంది. ఆ స్వామి పాదాల దగ్గర, పరివారంతో సహా, భక్తిగా నిలబడి ఈ అన్నదమ్ములు కనిపిస్తారు. అంటే గుడి బొమ్మల్లో మామూలు మనుషుల్ని కూడా గీయడం కొత్తేమీ కాదు. లేపాక్షి చిత్రకారుడు నాలుగు వందల ఎనభై ఏళ్ల కిందటే ఆ పని చేశాడు.

మరి వాళ్లని ఎలా గుర్తుపడుతున్నాం? ముఖం చూసి మాత్రం కాదు. స్వామి దగ్గర నిలబడ్డ చోటుని బట్టి, తల మీద కుళ్లాయిని బట్టి, వెనకున్న పరివారాన్ని బట్టి ఇతనే విరూపణ్ణ అంటాం. కుళ్లాయిలు తీసేసి వట్టి ముఖాలు పక్కపక్కన పెడితే అన్న ఎవరో తమ్ముడు ఎవరో చెప్పడం కష్టమే. అదే కోసు ముక్కు, అదే పొడుగు కన్ను, అదే చిన్న గడ్డం. ఆ బాణీలో ముఖాలు ఎక్కువగా పక్కవాటుగా ఉంటాయి. చుట్టూ నల్లటి గీత, లోపల ఒకే రంగు పూత. నీడలుండవు. కావి, పసుపుమట్టి, గోధుమ, ఆకుపచ్చ, తెలుపు, నలుపు... ఇవే రంగులు. నీలం దాదాపు కనిపించదు.

తిరుమలలో కూడా ఇదే సంగతి. మహాద్వారం దాటగానే ఉన్న మండపంలో శ్రీకృష్ణదేవరాయలు, ఇద్దరు రాణులు చేతులు జోడించి నిలబడ్డ లోహ విగ్రహాలు ఉన్నాయి. ఆయన రాయలేనని, వాళ్లు తిరుమలదేవి, చిన్నాదేవి అని ఎలా తెలిసింది? భుజాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి కాబట్టి. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాయల్ని కళ్లారా చూశాడు. మధ్యరకం ఎత్తు, పచ్చని ఛాయ, కాస్త బొద్దుగా ఉంటాడు, ముఖం మీద స్ఫోటకం మచ్చలున్నాయి అని రాసుకున్నాడు. విగ్రహం ముఖం మాత్రం నున్నగా ఉంటుంది. మచ్చలు లేవు. శిల్పి వాటిని చూడక వదిలేశాడని కాదు. రాజు, భక్తుడు అనిపిస్తే చాలు... మిగతాది పేరు చెబుతుంది.

మన ఇంటి పటానికి ఈ వెసులుబాటు లేదు. పేరు రాయకుండానే అవ్వ గుర్తుపట్టాలి. కాబట్టి లేపాక్షి చిత్రకారుడికి అవసరం పడని పని ఒకటి మనం అదనంగా చేయాలి. ఆ పని ఎలా చేయాలో గుడి గోడ చెప్పదు. చిన్న కాగితం బొమ్మలు గీసినవాళ్లు చెబుతారు.

పక్కవాటు రహస్యం

గోల్కొండ నవాబుల కాలంలో, పదిహేడో శతాబ్దంలో, అరచేయంత కాగితాల మీద సుల్తానుల, మంత్రుల, సర్దారుల బొమ్మలు వేశారు. మొఘల్ దర్బారులో, రాజస్థాన్ సంస్థానాల్లో కూడా అంతే. వెనక ఏమీ లేని ఒట్టి రంగు, ముందు పక్కకి తిరిగి నిలబడ్డ ఒకే మనిషి. ఎందుకలా పక్కకి తిప్పారు?

ఎదురుగా ఉన్న ముఖంలో ముక్కు ఆకారం తెలిసేది నీడ వల్ల. నీడ వేయని బాణీలో ఎదురు ముఖం గీస్తే ముక్కు రెండు చిన్న గీతలకి, రెండు చుక్కలకి పడిపోతుంది. అదే పక్కకి తిప్పితే నుదురు, ముక్కు, పెదాలు, గడ్డం అన్నీ ఒకే గీతలోకి వచ్చేస్తాయి. ఆ గీత ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. నీడ లేకపోయినా, రంగు లేకపోయినా మనిషి తెలిసిపోతాడు. అవ్వల దగ్గర దాచిన పాత వెండి రూపాయి మీద జార్జి రాజు తల పక్కకి ఉండేది కూడా ఇందుకే.

ఆ కార్ఖానాల్లో ఇంకో పద్ధతి ఉండేది. మనిషి ముఖాన్ని ఒకసారి సరిగ్గా గీశాక, కాగితంలా పలచగా, అవతలిది కనిపించేలా తయారుచేసిన తోలు దాని మీద పరిచి గీతని ఎత్తుకునేవారు. దాన్ని చర్బా అనేవారు. గీత వెంబడి సూదితో సన్నని రంధ్రాలు పొడిచి, కొత్త కాగితం మీద పెట్టి బొగ్గుపొడి అద్దితే చుక్కలు పడతాయి. ఆ చుక్కలు కలిపితే అదే తల. ఇంటి ముందు ముగ్గు అచ్చు గుర్తుందిగా, అలాగే అన్నమాట. ఆ తల కింద ఒకసారి ఏనుగు మీద కూర్చున్న ఒళ్లు, ఇంకోసారి దర్బారులో నిలబడ్డ ఒళ్లు. ఒళ్లు, బట్టలు, నగలు బాణీని బట్టి మారతాయి. తల గీత మాత్రం మారదు.

అసలు సూత్రం ఇదే. ఆకారం, కొలతలు మనిషివి. గీత తీరు, రంగు, అలంకారం గుడివి. ఈ రెండూ కలగాపులగం అయినప్పుడే తాత తప్పిపోతాడు.

ఫొటో ముందు పెట్టుకుని...

ఇప్పుడు తాత దగ్గరికి వద్దాం. స్టూడియో ఫొటో ఎదురుగా తీసింది. దాంట్లోంచి పక్కవాటు ముఖం ఊహించి గీయడమే చాలా పటాలు చెడడానికి మొదటి కారణం. ముక్కు ఎంత ముందుకొచ్చిందో, గడ్డం ఎంత లోపలికి పోయిందో ఎదురు ఫొటో చెప్పదు. చిత్రకారుడు తనకి అలవాటైన ముక్కు పెట్టేస్తాడు. అది గుడి ముక్కు. అందుకని ముందు పెళ్లి ఆల్బమ్‌లు వెతకాలి. పీటల దగ్గర పక్కకి తిరిగి అక్షింతలు వేస్తున్న ఫొటో ఒక్కటి దొరికినా చాలు. అందులో ముఖం చిన్నదైనా ఫర్వాలేదు. గీత స్పష్టంగా ఉంటే సరి. ఏదీ దొరక్కపోతే పక్కవాటు ఆశ వదులుకుని, ఫొటోలో ఎలా ఉన్నాడో దాదాపు అలాగే ఉంచాలి. గుడి చిత్రాల్లో పక్కవాటు ముఖాలు ఎక్కువే గానీ అన్నీ అవే కావు.

మనిషి ఎదురుగా ఉంటే ఈ బాధ లేదు. తెల్లగోడ పక్కన పక్కకి నిలబెట్టి, కెమెరా కంటి ఎత్తులో పట్టుకుని, ఆరేడు అడుగుల దూరం నుంచి తీయాలి. దగ్గర్నించి తీస్తే కొలతలు సాగిపోతాయి. నవ్వొద్దనాలి. నవ్వితే పై పెదవి పొడుగు మారిపోతుంది.

తాత పక్కవాటు ఫొటో దొరికిందనే అనుకోండి. దాన్ని నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం కింది దాకా 6 అంగుళాలు వచ్చేలా పెద్దది చేయించి, మీద ట్రేసింగు కాగితం పరచాలి. గీత ఎత్తుకున్నాక మూడు కొలతలు తీయాలి. జుట్టు నుంచి కనుబొమ దాకా 2 అంగుళాలు. కనుబొమ నుంచి ముక్కు కింది దాకా రెండుంబావు. అక్కడి నుంచి గడ్డం దాకా ఒకటీ ముప్పావు. మొత్తం ఆరు.

గుడి బొమ్మ కొలత వేరు. శిల్పశాస్త్రాల తాళమానంలో ఈ మూడు భాగాలూ సమానం. రెండు, రెండు, రెండు. చేయి తిరిగిన చిత్రకారుడి వేళ్లు తెలియకుండానే అక్కడికి పోతాయి. తాత ముక్కు పావు అంగుళం తగ్గుతుంది, కింది భాగం పావు అంగుళం పెరుగుతుంది. పావు అంగుళమే కదా అనిపిస్తుంది. కానీ పొడుగు ముక్కు, పొట్టి గడ్డం... ఇవే కదా ఊళ్లో అందరూ ఆయన్ని దూరం నుంచి పోల్చుకున్న గుర్తులు! సమానం చేసిన మరుక్షణం ముఖం అందంగా మారుతుంది. అది తాతది కాకుండా పోతుంది. కాబట్టి మూడు కొలతలూ పటం అంచున పెన్సిలుతో రాసి ఉంచుకుని, ప్రతి దశలో సరిచూడాలి.

కన్ను ఇచ్చేయండి, ముక్కు ఇవ్వకండి

అన్నీ తాతవే ఉంచితే గుడి రాదు. ఏదో ఒకటి వదులుకోవాలి. వదులుకోవాల్సింది కన్ను.

పక్కనుంచి చూస్తే నిజంగా కనిపించేది సగం కన్నే. కానీ ఈ బాణీలో పక్కవాటు ముఖం మీద కూడా కన్ను నిండుగా, చేపలా, చెవి వైపు సాగి ఉంటుంది. ఆ బాణీకి పెద్ద గుర్తే అది. అందుకని కంటి పొడుగు గుడి ఇష్టం. కానీ రెండు సంగతులు తాతవి ఉండాలి. ఒకటి, కనుబొమకీ కంటికీ మధ్య దూరం. రెండోది, పై రెప్ప ఎంత వాలి ఉందో అది. వాలిన రెప్పని విప్పారిన కన్నుగా మార్చారంటే తాత వయసూ స్వభావమూ రెండూ పోతాయి.

ముక్కు గీత, పై పెదవి పొడుగు, గడ్డం, చెవి ఆకారం, మెడ మీద తల నిలిపే తీరు... ఇవి మాత్రం ఇవ్వకూడదు. చెవి సంగతి చాలామంది పట్టించుకోరు. పక్కవాటు ముఖం మధ్యలో కనబడేది అదే. పోగులు పెట్టినా తమ్మె ఆకారం ఆయనదే ఉండాలి. మీసం కూడా ఆయనదే. కోరమీసం లేని మనిషికి కోరమీసం పెడితే రాజు వస్తాడు గానీ తాత రాడు.

కుళ్లాయి దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అది నుదురుని, బట్టతలని కప్పేస్తుంది. తాతని బట్టతలతోనే అందరూ ఎరిగి ఉంటే, కుళ్లాయి పెట్టడమంటే పెద్ద గుర్తుని దాచేయడమే. ఆయన తలపాగా చుట్టే మనిషైతే ఆ చుట్టునే గుడి గీతలో గీయొచ్చు. లేదంటే కుళ్లాయిని కాస్త వెనక్కి జరిపి నుదుటి వాలు కనబడనివ్వాలి. కళ్లజోడు ఇంకో చిక్కు. అది ఆ కాలానికి అతకదు, అలాగని తీసేస్తే కొందరు గుర్తురారు. ముందు కళ్లజోడు లేకుండా పెన్సిలు గీత ఒకటి ఇంట్లో చూపించి, పోల్చుకుంటే తీసేయొచ్చు. పోల్చుకోలేకపోతే ఉంచాలి.

ముడతలు ఎన్ని?

ఇక నల్ల గీత వేయాలి. పెద్దవాళ్ల పటాలు ఇక్కడ చెడిపోతాయి. ఫొటోలో ముడత అంటే మెత్తని నీడ. గుడి బాణీలో నీడ లేదు కాబట్టి దాన్ని గీతగా మార్చాలి. ఇరవై ముడతల్ని ఇరవై నల్ల గీతలుగా మారిస్తే డెబ్బై ఏళ్ల తాత నూటపది ఏళ్ల ముని అయిపోతాడు. అందుకే రెండు మూడు చాలు. ముక్కు పక్క నుంచి నోటి వైపు దిగే మడత ఒకటి. కంటి కింద సంచి ఉంటే అదొకటి. నుదుటి మీద అన్నిటికంటే లోతైనది ఒకటి. బయటి గీత మందంగా, లోపలివి సన్నగా. కుంచె కొన మీద భారం తగ్గిస్తూ గీత చివర సన్నబడేలా లాగాలి.

రంగు సులువు. పసుపుమట్టి రంగులో కొంచెం కావి కలిపి తాత ఛాయకి దగ్గరగా ఒకే పూత. ఛాయ తెల్లబరచాల్సిన పనిలేదు. మట్టిరంగుల్లో చామనఛాయకి ఎప్పుడూ చోటుంది. ఫొటోలో బుగ్గ కింద నలుపు కనిపిస్తుంది. అది స్టూడియో దీపం నీడ. దాన్ని పటంలోకి తేవొద్దు. ముఖం మీద వెలుగునీడలు దిద్ది, బట్టలకి మాత్రం ఒకే పూత వేస్తే జాతర అట్టబొమ్మ తిరిగొచ్చినట్టే. ముఖానికీ చేతులకీ ఒకే రంగు, ఒకే మందం గీత ఉన్నాయా అని చూస్తే ఈ తప్పు అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఆయన్ని ఎక్కడ నిలబెట్టాలన్నది విరూపణ్ణని చూసి నేర్చుకోవాలి. స్వామి ముఖంలో తాతని పెట్టొద్దు. స్వామి పాదాల దగ్గర చేతులు జోడించి నిలబెట్టాలి. గుడి కట్టించినవాళ్లే తమకి తాము ఇచ్చుకున్న చోటు అది.

అవ్వకి చూపించే ముందు

రంగు వేయకముందే, గీత దశలోనే పరీక్ష పెట్టాలి. రంగు పడ్డాక దిద్దడం కష్టం. కుళ్లాయి, నగలు, ఒళ్లు కాగితంతో కప్పి ముఖం గీత ఒక్కటే కనబడేలా పట్టుకుని, తాతని బాగా ఎరిగినవాళ్లని ‘‘ఇదెవరు?’’ అని అడగాలి. ‘‘తాతలా ఉన్నాడా?’’ అని అడిగితే పరీక్ష కాదు. మొహమాటానికైనా ఉన్నాడంటారు. వెంటనే పేరు చెబితే పాస్. తటపటాయిస్తే ట్రేసింగు కాగితం తెచ్చి గీత మీద పరచాలి. ఎక్కడ జరిగిందో కనిపిస్తుంది. చాలాసార్లు అది ఒక పెద్ద తప్పు కాదు. ముక్కు కాస్త నిటారైంది, పెదవి కాస్త పొట్టిదైంది, గడ్డం కాస్త గుండ్రమైంది, రెప్ప కాస్త లేచింది. ఒక్కోటి విడిగా చూస్తే లెక్కలోకి రాదు. నాలుగూ కలిశాయంటే వేరే మనిషే! దిద్దేటప్పుడు కూడా ఒక్కోటే దిద్ది, మళ్లీ అడగాలి.

అందరి ముఖాలూ దీనికి లొంగవు. పసిపిల్లలది కష్టం. గుండ్రటి బుగ్గలు, చిన్న ముక్కు, ఇంకా తేలని గడ్డం... పట్టుకోవడానికి గీతే లేదు. గుడి బాణీ ఇట్టే మింగేస్తుంది. నునుపైన ముఖమున్న పడుచుపిల్లల పటాలు కూడా అంతే. గౌరీదేవి చెలికత్తెల్లో ఒకరిగా కలిసిపోతారు. వాళ్లకి జుట్టు మొదలయ్యే తీరు, కనుబొమల వంపు, పుట్టుమచ్చ లాంటివే దిక్కు. వయసు గీతలు గీసిన ముఖమే ఈ పనికి అన్నిటికంటే అనువైంది.

పటం పూర్తయ్యాక ట్రేసింగు కాగితాన్ని, పాత ఫొటోని పారేయకుండా చట్రం వెనక కవరులో దాచాలి. ఇంకో మనవడు ఇంకో పటం గీయించుకుంటానంటే అదే ఆ ఇంటి చర్బా. వెనకవైపు పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం కూడా రాసిపెట్టాలి. ఈ రోజు అవ్వ ఉంది, పేరు అక్కర్లేదు. ఆయన్ని ఎప్పుడూ చూడని మునిమనవడికి ఆ ముక్కు ఎవరిదో చెప్పేది మాత్రం, తిరుమలలో రాయలవారికి లాగే, ఆ రాసిన పేరే.